డిజైన్‌పై విమర్శ: ఇష్టమా, లోపమా?

"నా డిజైన్ చూపించినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక్కో మాట అంటారు. ఇందులో ఏది వాళ్ల ఇష్టం, ఏది నిజంగా నా పనిలో లోపం అని తేల్చుకోవడం ఎలా?"

మాట తీరు చూసి మాత్రం తేల్చకండి. మామూలు జనం అసలు లోపాన్ని కూడా "ఎందుకో నచ్చలేదు" అనే చెబుతారు. మన డిజైనర్లేమో సొంత ఇష్టాన్ని కూడా పెద్ద పెద్ద పదాల్లో చెబుతాం.

ఒక క్లినిక్ కోసం అపాయింట్‌మెంట్ యాప్‌కి తెలుగు స్క్రీన్లు చేశాను. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ చూసి "ఏంటో, నీరసంగా ఉందండీ" అన్నారు. తోటి డిజైనర్ "హైరార్కీ వీక్‌గా ఉంది, ఆకుపచ్చ సెట్ అవ్వలేదు" అన్నాడు. వినడానికి రెండోదే గట్టి విమర్శలా ఉంటుంది.

"ఎక్కడ అలా అనిపించింది?" అని ఆవిణ్ణి అడిగితే డాక్టర్ టైమింగ్స్ మీద వేలు పెట్టారు. అక్కడ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద #999999 బూడిద రంగు అక్షరాలున్నాయి. కాంట్రాస్ట్ చెకర్‌లో పెడితే 2.85:1 వచ్చింది. మామూలు సైజు అక్షరాలకు, అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన వెబ్ ప్రమాణం డబ్ల్యూసీఏజీలో ఏఏ స్థాయి అడిగేది కనీసం 4.5:1. అంటే ఆవిడకు రంగు నచ్చకపోవడం కాదు, అక్షరాలు ఆనడం లేదు. #767676కి మారిస్తే 4.54 వస్తుంది, అంచున దాటినట్టే. నేను ఇంకొంచెం ముదురు వేశాను.

తోటి డిజైనర్‌ని "హైరార్కీ వల్ల ఎవరు ఏం చేయబోయి ఆగిపోతారు?" అని అడిగాను. జవాబు లేదు. అయినా కొట్టిపారేయకుండా, అక్కడ కూర్చున్న కొందరికి ఫోన్ ఇచ్చి "రేపటికి అపాయింట్‌మెంట్ పెట్టండి" అని మాత్రమే చెప్పాను. బటన్ కోసం ఎవరూ వెతుక్కోలేదు. నలుగురైదుగురితో చూస్తే పెద్ద అడ్డంకులు బయటపడతాయి కానీ అన్నీ పడవు, అది గుర్తుంచుకోండి. ఇక ఆకుపచ్చ అంటారా, క్లయింట్ ఫలానా రంగే వాడాలని చెప్పలేదు కాబట్టి అది అతని ఇష్టం. చెప్పి ఉంటే అదే మాట లోపం అయ్యేది.

చిక్కంతా సగం సగం ఉన్న విమర్శలతోనే. "లైన్లు ఇరుకుగా ఉన్నాయి" అని ఇద్దరూ అన్నారు. ఇంగ్లీషుకు పెట్టిన 1.2 లైన్ హైట్‌నే తెలుగుకీ ఉంచేశాం. "శస్త్రచికిత్స" లాంటి మాట వస్తే కింది ఒత్తులు తర్వాతి లైన్‌లోని గుడులకు తగులుతున్నాయి. డమ్మీ టెక్స్ట్‌లో ఇది కనబడదు, ఒత్తులున్న అసలు పదాలు పెట్టి చూడాల్సిందే. మా ఫాంట్‌లో 1.6 దగ్గర ఆ తగలడం పోయింది. అక్కడిదాకా లోపం. 1.8 అయితే ఇంకా బాగుంటుందని అతను ఇప్పటికీ అంటాడు, నేను 1.6 దగ్గరే ఉంచాను.