డిలీట్ కొట్టేముందు ఆ వీడియో మొదటి నిమిషం ఒకసారి చూడండి

ప్రశ్న: "ఏడాది క్రితం కష్టపడి తీసిన వంట వీడియోకి 300 వ్యూస్ కూడా దాటలేదు. దాన్ని డిలీట్ చేసి మళ్ళీ అప్‌లోడ్ చేస్తే పైకి వస్తుందా? లేక టైటిల్, థంబ్‌నెయిల్ మారిస్తే చాలా?"

డిలీట్ మాత్రం చేయకండి. ఆ పని నేను చేసి చేతులు కాల్చుకున్నాను. మా భీమిలి వీడియో ఒకటి అలాగే తీసేసి అదే ఫైలు మళ్ళీ ఎక్కించాను. పాత వ్యూస్, కామెంట్లు పోయాయి, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న లింకు చచ్చిపోయింది. మానిటైజేషన్‌కి కావాల్సిన 4,000 గంటల లెక్కలోంచి ఆ వీడియో గంటలు కూడా ఎగిరిపోయాయి, ఎందుకంటే అక్కడ పబ్లిక్‌గా ఉన్న వీడియోల గంటలే లెక్క. పోనీ కొత్త కాపీ ఏమైనా పరిగెత్తిందా అంటే అదీ లేదు. అదే టైటిల్, అదే థంబ్‌నెయిల్, అదే మొదలు, అదే గతి.

ఆ తర్వాత ఇంకో వీడియోకి అదే రోగం వస్తే డిలీట్ చేయకుండా మార్చి చూశాను. అదీ వంట వీడియోనే కాబట్టి మీకు పనికొస్తుందని మొత్తం చెప్తాను.

మేముండేది వైజాగ్‌లో. అమ్మ ఎండు నెత్తళ్ళ ఇగురు బాగా చేస్తుంది. నేను తీసి "అమ్మ చేతి నెత్తళ్ళ ఇగురు | వైజాగ్ స్పెషల్ | వ్లాగ్ 14" అని పెట్టాను. పదకొండు నెలల్లో 400 చిల్లర వ్యూస్, అందులో సగం మా వాళ్ళవే అయ్యుంటాయి. యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి ఆ వీడియో అనలిటిక్స్ తెరిచాను. అప్పటిదాకా నేను చూసేది వ్యూస్ అంకె ఒక్కటే, అదే నా తప్పు. అసలు చూడాల్సినవి రెండు. ఒకటి, థంబ్‌నెయిల్ కనబడిన వాళ్ళలో ఎంతమంది నొక్కారు. రెండోది, నొక్కిన వాళ్ళు ఎంతసేపు ఉన్నారు. నాకు నొక్కినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. నొక్కిన వాళ్ళలోనూ 30 సెకన్లు అయ్యేసరికి 36 శాతమే మిగిలారు. అంటే గుమ్మం బాలేదు, లోపలికి వచ్చిన వాళ్ళని వరండాలోనే విసిగించి పంపేస్తున్నాను.

ఎందుకు విసిగారో మొదటి నిమిషం చూస్తే తెలిసిపోయింది. లోగో తిరగడం, నమస్కారం, ఆర్కే బీచ్ మీద డ్రోన్ షాట్ (అద్దె డ్రోన్, డబ్బు పెట్టాను కదా అని పెట్టుకున్న షాట్), తర్వాత ఫిషింగ్ హార్బర్లో నా నడక, ఇన్ని అయ్యాక గానీ 1:12 దగ్గర అమ్మ నోరు విప్పదు. నెత్తళ్ళ కూర కోసం వచ్చినావిడకి నా నడకతో పనేంటి?

ఏ నిమిషం దగ్గర ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫులో ఒక విచిత్రం కనిపించింది. గీత మొదట్లోనే జారిపోయి, 1:12 దాటాక కాస్త పైకి లేచింది. చూసినవాళ్ళు వెనక్కి జరిపి మళ్ళీ చూసినా, ముందు భాగం దాటేసి నేరుగా అక్కడికి దూకినా గీత అలా లేస్తుంది. అక్కడ ఏముందని చూస్తే, అమ్మ తలలు తుంచేసిన నెత్తళ్ళని నూనె లేకుండా సన్నమంట మీద వేపి, చల్లారాక రెండు చేతులతో నలిపి పళ్ళెంలో దులుపుతోంది. తెల్ల పళ్ళెంలో గోధుమరంగు ఇసుక కుప్పగా పడుతోంది. "ముందే కడిగీకు, ఇసక లోనికి దిగిపోద్ది" అంటుంది అమ్మ. తర్వాతే గోరువెచ్చటి నీళ్ళలో వేసి కడుగుతుంది. కామెంట్లు మొత్తం కలిపి తొమ్మిది ఉంటే అందులో నాలుగు ఇసుక గురించే. ట్రాఫిక్ సోర్స్‌లో యూట్యూబ్ సెర్చ్ నొక్కితే జనం ఏమని వెతికి వచ్చారో చూపిస్తుంది, అక్కడా "ఎండు చేపల్లో ఇసుక" లాంటి మాటలే. నేను వీడియో పేరు వైజాగ్ స్పెషల్ అని పెట్టుకున్నాను గానీ జనానికి కావాల్సింది పళ్ళ కింద కరకరలాడే ఇసుక పోయే దారి.

ఇక్కడ వరస ముఖ్యం. అందరూ ముందు థంబ్‌నెయిల్ మీద పడతారు. నేను కూడా మొదటిసారి అలాగే పడ్డాను. "ఈ ఒక్క పని చేస్తే షాక్ అవుతారు" అని టైటిల్ మార్చాను, అమ్మ నోరు తెరిచి ఆశ్చర్యపోయినట్టు ఫొటో పెట్టాను. వారంలో నొక్కేవాళ్ళు పెరిగారు. కానీ అర నిమిషం దాటేవాళ్ళు ఇంకా తగ్గిపోయారు, ఇంకో వారానికి ఇంప్రెషన్స్, అంటే థంబ్‌నెయిల్ జనానికి కనబడే లెక్క, కూడా నీరుగారిపోయాయి. మొదలు బాగుచేయకుండా గుమ్మానికి తోరణం కడితే అంతే, ఎక్కువమందిని పిలిచి ఎక్కువమందిని విసిగించినట్టయింది. కాబట్టి ముందు మొదలు, ఆ తర్వాతే టైటిల్, థంబ్‌నెయిల్.

మొదలు మార్చడం అంటే ఫైలు మార్చడం కాదు, యూట్యూబ్‌లో పాత లింకు మీద కొత్త ఫైలు పెట్టనివ్వరు. కంప్యూటర్లో స్టూడియో తెరిచి, ఆ వీడియో ఎడిటర్లో Trim & cut తీసుకుని 0:00 నుంచి 1:12 దాకా కోసేశాను. కత్తిరించడం ఒక్కటే వస్తుందని గుర్తుపెట్టుకోండి, కొత్త షాట్ ముందు అతికించలేరు, ఆరో నిమిషంలో ఉన్న మంచి ముక్కని తెచ్చి మొదట్లో పెట్టలేరు. మీ వీడియోలో అసలు సంగతి మొదటి రెండు నిమిషాల్లో ఎక్కడో ఉంటే ఈ దారి పనిచేస్తుంది. చివర్లో ఉంటే మధ్యలో కూడా కోయాలి, కోసినా అతుకు కుదరకపోతే ఆ ఒక్క సంగతి మీద కొత్త వీడియో తీసుకోవడమే నయం, పాతది అలాగే ఉంచేసి. ఇంకో హద్దు కూడా ఉంది. లక్ష వ్యూస్ దాటిన వీడియోని, మీ ఛానెల్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేకపోతే, ఇలా కోసి సేవ్ చేయనివ్వకపోవచ్చు. మనకి ఆ టెన్షన్ లేదు లెండి.

కోసే చోటు దగ్గర తొందరపడకండి. నేను మొదట సరిగ్గా మాట మొదలయ్యే చోట కోస్తే "ముందే"లో "ము" తెగిపోయి "ందే కడిగీకు" అని వినబడింది. అర సెకను వెనక్కి జరిపి, ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకుని రెండుసార్లు విని అప్పుడు సేవ్ నొక్కాను. ప్రాసెస్ అవడానికి కొన్ని గంటలు పట్టింది, అంతవరకు జనానికి పాతదే కనబడుతుంది, కంగారు పడి మళ్ళీ మళ్ళీ నొక్కకండి. నచ్చకపోతే ఎడిటర్లోనే Revert to original ఉంటుంది, అసలు వీడియో వెనక్కి వచ్చేస్తుంది. ఆ ధైర్యంతోనే నేను కోశాను.

నేను మర్చిపోయింది ఇంకోటి. డిస్క్రిప్షన్‌లో రాసుకున్న టైములు వాటంతట అవి మారవు. నానబెట్టడం 3:20 అని రాసి ఉంది, ముందు 1:12 పోయింది కాబట్టి అది 2:08 అవ్వాలి. పిన్ చేసిన కామెంట్లో కూడా "3:20 దగ్గర చూడండి" అని ఉంది. రెండు రోజుల తర్వాత ఒకావిడ "అక్కడ ఉల్లిపాయలు వేగుతున్నాయి కదండీ" అని అడిగితే గానీ తెలియలేదు. ఛాప్టర్లు పెట్టుకునేవాళ్ళయితే మొదటి టైము 0:00 ఉండాలి, కనీసం మూడు టైములు ఉండాలి, లేకపోతే ఛాప్టర్లు కనబడవు.

ఆ తర్వాత టైటిల్. "ఎండు నెత్తళ్ళలో ఇసుక పోవాలంటే కడగకముందే ఇలా చేయండి" అని పెట్టాను. నూరు అక్షరాల దాకా రాసుకోవచ్చు గానీ ఫోన్లో చివర తెగిపోతుంది, అందుకే నెత్తళ్ళు, ఇసుక రెండూ ముందే వచ్చేలా చూశాను. వైజాగ్ మాట తీసేశాను. మనకి ఊరి మీద ప్రేమే గానీ, కాకినాడలోనో ఖమ్మంలోనో పొయ్యి ముందు నిలబడి వెతికే మనిషి ఆ మాటతో వెతకరు.

థంబ్‌నెయిల్‌కి వీడియోలోంచి ఫ్రేము తీద్దామంటే అమ్మ చేతులు కదిలి అంతా మసక. పూర్ణా మార్కెట్ నుంచి మళ్ళీ పావుకిలో నెత్తళ్ళు తెచ్చి, అదే తెల్ల పళ్ళెం కిటికీ వెలుతురులో పెట్టి ఫొటో తీశాను ("ఫొటో కోసం వంట చేయించేవాడివి నువ్వొక్కడివేరా" అని అమ్మ). పాత దాంట్లో అమ్మ ముఖం, బాణలి, సముద్రం, ఆరు మాటలు ఉండేవి, ఫోన్లో చూస్తే చిత్రాన్నం. కొత్త దాంట్లో దులిపిన ఇసుక, పక్కన నాలుగు చేపలు, "ఇంత ఇసుకా?" అన్న రెండు మాటలు, అంతే. ఆ మాటలు కింద కుడివైపు పెట్టకండి, అక్కడ వీడియో నిడివి అంకె వచ్చి కప్పేస్తుంది. ముఖ్యంగా ఆ ఫొటోలో ఉన్న పళ్ళెం ఇప్పుడు వీడియో తెరవగానే మొదటి నిమిషంలోనే కనబడుతుంది. మొదలు, టైటిల్, బొమ్మ మూడూ ఒకే మాట చెప్పాయి, నాకు తెలిసి పని చేసింది అదే.

మూడు థంబ్‌నెయిల్స్ పెట్టి ఏది బాగుందో చూసే Test & compare ఉంది కదా అంటారేమో. నేను వాడాను, తేడా తేలలేదనే చూపించింది. నిద్రపోతున్న వీడియోకి రోజుకి ఏ పదిహేనో ఇరవయ్యో ఇంప్రెషన్స్ వస్తుంటే పోల్చడానికి సరుకెక్కడిది? అది నడుస్తున్న వీడియోలకి బాగుంటుంది.

ఫలితం మర్నాడే రాలేదు. మొదటి పది రోజులు కదలిక లేదు. తర్వాత సెర్చ్ నుంచి మెల్లగా మొదలై, మూడో వారంలో నొక్కేవాళ్ళు నూటికి ఏడుగురయ్యారు, 30 సెకన్ల దగ్గర మిగిలేవాళ్ళు 60 శాతం దాటారు. నాలుగో వారంలో ఆ ఏడు నాలుగున్నరకి పడిపోయింది, నా గుండె జారింది, మళ్ళీ థంబ్‌నెయిల్ మార్చేద్దామని చెయ్యి వెళ్ళింది కూడా. ఆగి చూస్తే ఇంప్రెషన్స్ ఐదింతలు పెరిగాయి. అంటే హోమ్ పేజీలో ఎండు చేపల గోల లేని జనానికి కూడా చూపిస్తున్నారు, వాళ్ళలో తక్కువమందే నొక్కుతారు. సెర్చ్ ఒక్కటే విడిగా చూస్తే శాతం తగ్గలేదు. అందుకని శాతాన్ని ఎప్పుడూ ఇంప్రెషన్స్ పక్కన పెట్టుకునే చదవండి, ఒకసారి మార్చాక కనీసం మూడు వారాలు చెయ్యి కట్టుకోండి. నాలుగు నెలల్లో ఆ వీడియో 9,000 వ్యూస్ దాటింది. వైరల్ ఏమీ కాదు, కానీ రోజూ నడుస్తోంది.

అన్ని వీడియోలకీ ఇది పనిచేయలేదు. ఇదే పద్ధతిలో మా ఉగాది వ్లాగ్ మార్చాను, కదల్లేదు. దాని గ్రాఫులో ఎక్కడా లేచిన చోటే లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే జారుడు. వెతికే మనిషే లేని వీడియోకి టైటిల్ ఏం చేస్తుంది, దాన్ని అలా వదిలేశాను. మీ వంట వీడియో గ్రాఫు తెరిచి గీత ఎక్కడైనా పైకి లేచిందేమో చూడండి, లేచి ఉంటే ఎన్నో నిమిషం దగ్గరో కింద రాయండి, ఎక్కడ కోయాలో చెప్తాను.