ఓపీటీలో 90 రోజుల లెక్క ఎప్పుడు మొదలవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. చదువుతోంది. 2026 మే 15తో కోర్సు అయిపోతుంది. ఉద్యోగం ఇంకా రాలేదు. ఒకరు 60 రోజులే అంటారు, ఒకరు 90 అంటారు, ఇంకొకరు మూడేళ్లు ఉండొచ్చంటారు. ఓ కన్సల్టెన్సీ వాళ్లేమో డబ్బు కడితే పేరోల్ మీద చూపిస్తామంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీకు చెప్పిన మూడు అంకెలూ నిజమే, కాకపోతే ఒక్కోటి ఒక్కో విషయానికి సంబంధించింది. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. అది 12 నెలలు. మీ అమ్మాయిది స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోవలోకి వచ్చే కోర్సు కాబట్టి మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఆ మూడేళ్లు ఇలా వచ్చినవే. 60 రోజులన్నది ఓపీటీ దరఖాస్తుకు కోర్సు ముగిశాక ఉండే గడువు. 90 మాత్రం మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా గడపగలిగిన మొత్తం రోజులు. శని ఆదివారాలు, పండగలు, ఇండియా వచ్చి ఇంట్లో ఉన్న రోజులు కూడా అందులోకే వస్తాయి.

మీరు ఇప్పుడు పట్టించుకోవాల్సింది ఈ 90నే. ఈ లెక్క చదువైన మర్నాటి నుంచి మొదలుకాదు, ఓపీటీ మంజూరయ్యాక ఇచ్చే పని అనుమతి కార్డు మీద ఉన్న ప్రారంభ తేదీ నుంచి మొదలవుతుంది. ఏ తేదీ కావాలో దరఖాస్తులో మనమే అడుగుతాం. మీ అమ్మాయి మే 16 నుంచి జూలై 14 లోపు ఏ రోజైనా అడగొచ్చు. మే 16 అడిగితే 90వ రోజు ఆగస్టు 13న వస్తుంది. జూలై 14 అడిగితే అక్టోబర్ 11న. ఒక్క తేదీ మార్చినందుకు దాదాపు రెండు నెలలు కలిసొస్తాయి. అయితే ఆ తేదీ రాకముందు, కార్డు చేతికి రాకముందు ఒక్క రోజు కూడా పని చేయకూడదు. జూన్‌లోనే చేరమని ఎవరైనా పిలిస్తే ఆగమని చెప్పాల్సి వస్తుంది. చేతిలో ఆఫర్ లేదు కాబట్టి నేనైతే జూలై మొదటివారం తేదీ అడగమంటాను. ఒకసారి మంజూరయ్యాక ఆ తేదీని మార్చుకోలేం.

దరఖాస్తు ఫారం ఐ-765. ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ సిఫారసు చేసి కొత్త ఐ-20 పత్రం ఇస్తారు. అది ఇచ్చిన 30 రోజుల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ జూలై 14 దాటకుండా, ఫారం ఇమిగ్రేషన్ శాఖకు అందాలి. ఐ-20 చేతికొచ్చింది కదా అని ఫారం పంపడం వాయిదా వేస్తూ 30 రోజులు దాటనిస్తే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.

ఉద్యోగం అంటే జీతమొచ్చేదే కానక్కర్లేదు. మొదటి 12 నెలల్లో, చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా లెక్కలోకి వస్తుంది. తన ప్రొఫెసర్ ల్యాబ్‌లో డేటా పని దొరికితే చేరమనండి. ఎప్పటి నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఏం పని, ఎవరి కింద అని వివరంగా ఉత్తరం రాయించుకుని దాచుకోవాలి. చేరిన 10 రోజుల్లోపు విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు అయిన సెవిస్‌లో ఆ వివరం నమోదు కావాలి. పని నిజంగా చేస్తున్నా అక్కడ ఎక్కించకపోతే ఆ రోజులు ఖాళీ రోజులుగానే కనిపిస్తాయి. స్టెమ్ పొడిగింపులో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ జీతం ఉండాలి, కంపెనీ ఉద్యోగుల అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, ఏం నేర్పిస్తారో ఐ-983 ఫారంలో రాసి సంతకం చేయాలి. ఖాళీ రోజుల పరిమితి అప్పుడు మొదటి 90తో కలిపి 150 అవుతుంది.

ఇక ఆ కన్సల్టెన్సీ. దయచేసి డబ్బు కట్టకండి. నేను దగ్గర్నుంచి చూసిన ఒక అబ్బాయి అలాగే చేరాడు. పేరు సెవిస్‌లో ఎక్కింది, 90 రోజుల టెన్షన్ పోయింది, పని మాత్రం లేదు. రెండేళ్ల తర్వాత ఓ మంచి కంపెనీ హెచ్-1బీ వేస్తే, ఓపీటీ కాలంలో ఏం పని చేశావో చూపించు, పే స్లిప్పులు పెట్టు అని ఇమిగ్రేషన్ అధికారులు అడిగారు. చూపించడానికి ఏమీ లేక వెనక్కి రావాల్సి వచ్చింది. ఉద్యోగం రాక తిరిగొచ్చినవాడు మళ్లీ వీసాకు వెళ్లొచ్చు. తప్పుడు వివరం ఇచ్చాడని రికార్డులో పడితే ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ఖాళీ రోజులు 75కి చేరేసరికి ఇంకా ఏమీ దొరక్కపోతే మీ అమ్మాయి డీఎస్‌ఓ దగ్గరికి వెళ్లాలి. మరో కోర్సుకు బదిలీ కావడమో, తిరిగి రావడమో ఆ 15 రోజుల్లోనే తేల్చుకోవాలి. ఓపీటీ పూర్తి చేసినవాళ్లకు సర్దుకోవడానికి 60 రోజులిస్తారు. 90 దాటిపోయినవాళ్లకు ఆ గడువు ఉండదు.