టెక్ సందేహాలు: మూలల్లో స్క్రూలు, మధ్యలో కారే సిగ్నల్

*మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ అవతల ఉన్న గోడౌన్ కెమెరాల కోసం వైఫై బూస్టర్ బోర్డు కొని, లేత్ షాపులో అల్యూమినియం డబ్బా చేయించి అందులో బిగించాను. లోపలి కొలతలు 100 × 77 × 30 మిల్లీమీటర్లు. యాంటెన్నా బయటే ఉంది. మూత తీస్తే లింక్ బ్రహ్మాండం, మూత బిగిస్తే తెగిపోతోంది. రౌటర్ అప్‌డేట్ అయ్యాకే ఇది మొదలైంది. పాస్‌వర్డ్ వల్లేమో అని దాన్ని తీసేసి చూశాను, తేడా లేదు, ఇంకా అలాగే ఉంది. ఇంకో మాట, ఇలాంటి డబ్బాలో కారు తాళం పెడితే దొంగలకి సిగ్నల్ అందదని మా బావ అంటున్నాడు. నిజమేనా?*

ముందు పాస్‌వర్డ్ మళ్లీ పెట్టండి. మిగతాది ఆ తర్వాత చదవండి. పాస్‌వర్డ్ లేని లింక్ మీద మీ గోడౌన్ కెమెరాలు నడుస్తున్నాయంటే, ఏటి గట్టున ఫోన్ పట్టుకుని కూర్చున్న ఎవరైనా మీ నెట్‌వర్క్‌లోకి నేరుగా వచ్చేయగలరు. సిగ్నల్ ఆగిపోతే పాస్‌వర్డ్ తీసి చూడటం అనే అలవాటు ఎక్కడ మొదలైందో తెలీదు గానీ, నాకొచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా అదే కనిపిస్తోంది. పరీక్ష కోసం తీసినది పరీక్ష అయ్యాక తిరిగి పెట్టేవాళ్లు చాలా తక్కువ. డబ్బాకీ పాస్‌వర్డ్‌కీ ఏ సంబంధమూ లేదు.

తప్పు డబ్బాది. మూత బిగించగానే అది నాలుగు వైపులా లోహం ఉన్న గది అవుతుంది. ఆ గదిలో రేడియో తరంగం గోడకి గోడకి మధ్య తిరుగుతూ, కొన్ని పౌనఃపున్యాల దగ్గర తనతో తానే కలిసి బలపడుతుంది. వాటినే రెజొనెంట్ మోడ్‌లు అంటాం. మీ డబ్బాకి అన్నిటికన్నా కింద ఉండే మోడ్ టీఈ 101. దాని లెక్క ఇంతే, a, d అంటే డబ్బా పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, జవాబు గిగాహెర్ట్‌జ్‌లో:

```
f = 149.9 * sqrt(1/a^2 + 1/d^2)
  = 149.9 * sqrt(1/100^2 + 1/77^2)
  = 2.457
```

30 మిల్లీమీటర్ల ఎత్తు ఈ లెక్కలోకి రానే లేదు చూడండి. డబ్బా లోతు పెంచినా తగ్గించినా ఈ మోడ్ అక్కడే ఉంటుంది. లేత్ షాపులో ఎవరూ కావాలని ఇలా చేయలేదు, కానీ వచ్చి వచ్చి సరిగ్గా వైఫై పట్టీలోనే పడింది. దీని పై మోడ్ 3.57 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఉంది కాబట్టి దానితో మనకి పేచీ లేదు.

మీ కొలతలతోనే ఇక్కడ బరంపురంలో ఒక డబ్బా చేయించి, అలాంటి బోర్డే పెట్టి చూశాను. రెండు చిన్న రాగి తీగ చుట్లు లోపలికి దూర్చి, చేతిలో పట్టేంత నెట్‌వర్క్ ఎనలైజర్‌తో ఒక దాని నుంచి ఇంకోదానికి ఎంత సిగ్నల్ చేరుతోందో గీయించాను. చుట్లు చిన్నవిగా ఉండాలి. ఆ గీతలో మోడ్ దగ్గర లేచే శిఖరం మైనస్ 30 డీబీ కన్నా పైకి వస్తే మీ చుట్లే శక్తిని లాగేస్తున్నాయని అర్థం, అప్పుడు కొలత డబ్బాది కాదు, చుట్లది. ఖాళీ డబ్బాకి శిఖరం లెక్క చెప్పిన చోటే వచ్చింది. బోర్డు పెట్టాక 2.438కి దిగింది, ఎందుకంటే బోర్డు పదార్థంలో తరంగం కాస్త నెమ్మదిస్తుంది. అంటే వైఫై ఛానల్ 6 నడిబొడ్డున. ఛానల్ 6 మధ్య పౌనఃపున్యం 2.437.

రౌటర్ అప్‌డేట్ తర్వాతే మొదలవడానికి కారణం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అప్‌డేట్ మీ ఛానల్‌ని మార్చేసి ఉంటుంది. ఛానల్‌ని తీసుకెళ్లి ‘ఆటో’లో పెట్టే అప్‌డేట్‌లంటే నాకు ఒళ్లు మంట. ఒక మనిషి కూర్చుని, పక్కింటి రౌటర్‌లన్నీ చూసి, ఆలోచించి పెట్టుకున్న సెట్టింగ్ అది. దాన్ని అడక్కుండా చెరిపేసి, మార్పుల జాబితాలో ‘పనితీరు మెరుగుపరిచాం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. వాడేవాళ్లు వారం రోజులు తీగలూ యాంటెన్నాలూ మార్చుకుంటూ కూర్చుంటారు. రౌటర్‌లోకి వెళ్లి ఛానల్ 11 పెట్టి, ఆటో తీసేయండి. ఈ రోజుకి లింక్ నిలబడొచ్చు. కానీ అసలు జబ్బు అలాగే ఉంటుంది, అది చెప్పాలంటే క్యూ దగ్గరికి రావాలి.

గుడిలో గంట కొట్టి వదిలేస్తే చాలాసేపు మోగుతుంది, చేత్తో పట్టుకుంటే టక్కున ఆగిపోతుంది. ఎంతసేపు మోగిందన్నదే క్వాలిటీ ఫాక్టర్, అదే క్యూ. డబ్బాలో నిలవున్న శక్తిని ఒక్కో ఆవృత్తిలో పోయే శక్తితో భాగించి, 2π తో హెచ్చిస్తే వచ్చే సంఖ్య. కొలవడం తేలిక: శిఖరం దగ్గరి పౌనఃపున్యాన్ని, శిఖరం నుంచి 3 డీబీ దిగిన చోట, అంటే శక్తి సగమైన చోట, దాని వెడల్పుతో భాగిస్తే చాలు.

మీ ఖాళీ డబ్బాలో అల్యూమినియం గోడలు మాత్రమే శక్తి తింటాయనుకుంటే లెక్కలో క్యూ 10,600 దాకా వస్తుంది. నాకు నాలుగు స్క్రూలూ బిగించిన డబ్బాలో శిఖరం వెడల్పు 10 మెగాహెర్ట్‌జ్ వచ్చింది. అంటే క్యూ 244. గోడలు తినేది మొత్తం నష్టంలో రెండు మూడు శాతమే. మిగతా శక్తి ఎక్కడికి పోతోంది?

మూత తీసి అంచు చూస్తే సగం జవాబు దొరికింది. నల్లని అనోడైజింగ్ పూత మూతకీ ఉంది, డబ్బా అంచుకీ ఉంది. ఆ పూత విద్యుత్తుని పోనివ్వదు. లోహానికి లోహం తగిలేది స్క్రూలు బిగించిన నాలుగు మూలల్లోనే. మిగతా సగం జవాబు ఈ మోడ్‌లో కరెంటు పారే తీరులో ఉంది. నాలుగు వాలుల పెంకుటింటి కప్పు మీద వాన నీళ్లలాగా, కరెంటు మూత నడిబొడ్డు నుంచి అంచుల వైపు పారి, చూరు దాటి గోడల మీదుగా నిలువుగా కిందికి దిగుతుంది, మరుక్షణం వెనక్కి ఎక్కుతుంది. గోడ మధ్యలో ఆ ప్రవాహం అన్నిటికన్నా ఎక్కువ. మూలకి వచ్చేసరికి సున్నా. అంటే మనవాళ్లు స్క్రూలు పెట్టిన నాలుగు చోట్లా కరెంటు లేదు, కరెంటు దాటాల్సిన నాలుగు చోట్లా స్క్రూ లేదు.

దాటడానికి దారి లేని చోట ఆ సందు యాంటెన్నా అవుతుంది. 2.45 గిగాహెర్ట్‌జ్‌కి సగం తరంగం 61 మిల్లీమీటర్లు. 100 మిల్లీమీటర్ల వైపున రెండు మూలల స్క్రూల మధ్య తెరిచి ఉన్న సందు అంతకన్నా పొడుగు. అది చక్కగా బయటికి ప్రసారం చేస్తుంది.

ఎమరీ పేపర్‌తో రెండు అంచులూ మెరిసేదాకా గీకి, ప్రతి వైపు మధ్యలో ఒక్కో స్క్రూ కలిపాను, మొత్తం నాలుగు. శిఖరం వెడల్పు 10 నుంచి 1.2 మెగాహెర్ట్‌జ్‌కి తగ్గింది, క్యూ 2,030కి ఎక్కింది. లెక్క వేస్తే మొదటి నష్టంలో 88 శాతం ఆ మూత అంచు దగ్గరే పోయిందన్నమాట. ఒక చుట్టుని బయట అంచు పక్కన పట్టుకుని చూస్తే అక్కడి సిగ్నల్ కూడా బాగా పడిపోయింది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, మీరు ఆగకండి. క్యూ పెరగడం మీ బూస్టర్‌కి మంచిది కాదు. బూస్టర్ అవుట్‌పుట్ నుంచి కాస్త సిగ్నల్ డబ్బాలోకి కారి, మోడ్ మీద ఎక్కి, తిరిగి ఇన్‌పుట్‌కి చేరుతుంది. అలా తిరిగొచ్చే దారిలో సిగ్నల్ తగ్గే మోతాదుని బూస్టర్ పెంచే మోతాదు మించితే అది తనకు తానే ఊళ వేయడం మొదలుపెడుతుంది. మైకు ముందు స్పీకర్ పెడితే వచ్చే కూత లాంటిదే. సందు మూసి డబ్బా బిగించాక నా బోర్డు ఏ సిగ్నల్ ఇవ్వకుండానే 2.438 దగ్గర ఒకే పౌనఃపున్యంలో మోగుతూ కూర్చుంది. మీ లింక్ తెగడానికి కారణం కూడా ఇలా తిరిగొచ్చే సిగ్నలే. మూత తీస్తే శక్తి పైకి పోతుంది, మోడ్ నిలవదు.

అందుకని శక్తిని లోపలే చంపాలి. మూత లోపలి వైపు సరిగ్గా నడిమధ్యలో, ఈ మోడ్‌లో విద్యుత్ క్షేత్రం అన్నిటికన్నా బలంగా ఉండే చోట, కార్బన్ కలిపిన నల్ల స్పాంజి 10 మిల్లీమీటర్ల మందంది అంటించాను. శిఖరం వెడల్పు 60 మెగాహెర్ట్‌జ్ అయింది, క్యూ 40. కూత ఆగింది. చిప్‌ల ప్యాకింగ్‌లో వచ్చే గులాబీ రంగు స్పాంజి పనికిరాదు, అది మైక్రోవేవ్‌ని తినదు. నల్లదానిలో కరెంటు పారుతుంది కాబట్టి బోర్డుకి తగలకుండా చూసుకోండి.

ఇప్పుడు రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టండి. మొదట 244, చివర 40. రెండూ తక్కువ క్యూలే. మొదటిదాంట్లో శక్తి సందులోంచి వీధిలోకి పోయింది, రెండోదాంట్లో స్పాంజిలో వేడిగా మారింది. ఎంత పోతోందో క్యూ చెబుతుంది, ఎటు పోతోందో చెప్పదు. అది తెలియాలంటే బయట చుట్టు పట్టుకుని చూడాల్సిందే.

మీ బావగారి మాటకి జవాబు ఇందులోనే ఉంది, నన్ను ఎక్కువ కంగారు పెట్టేదీ అదే. తాళాన్ని పట్టుకోవడానికి దొంగ దాన్ని తాకనక్కర్లేదు. ఒకడు ఇంటి గుమ్మం దగ్గర, ఒకడు కారు దగ్గర పరికరాలతో నిలబడి, కారుకీ తాళానికీ మధ్య సిగ్నల్ మోసుకెళ్తే చాలు, పక్కనే ఉన్నట్టు నమ్మి కారు తెరుచుకుంటుంది. మామూలు రిమోట్ తాళాలు చాలావరకు 433.92 మెగాహెర్ట్‌జ్‌లో జవాబిస్తాయి. ఆ పౌనఃపున్యంలో మీ డబ్బాకి మోడ్ ఏదీ లేదు, అంచు బాగా తగిలితే కాస్త కాపాడుతుంది. ఫోన్‌తో, బ్లూటూత్‌తో తెరుచుకునే బండ్ల సంగతి వేరు. బ్లూటూత్ నడిచేది 2.402 నుంచి 2.480 గిగాహెర్ట్‌జ్ మధ్యన, మీ డబ్బా మోడ్ సరిగ్గా అందులో ఉంది. సందు ఉన్న డబ్బా మోడ్ దగ్గర సిగ్నల్‌ని ఆపకపోగా, లోపలి క్షేత్రం బయటికన్నా బలంగా కూడా అవ్వగలదు. మూత ఉంది కదా అని నమ్మి గుమ్మం పక్కన బల్ల మీద పెడితే, ఏమీ పెట్టనట్టే.

పరీక్షకి ఖర్చు లేదు. తాళాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, కారు తలుపు పక్కనే పట్టుకుని హ్యాండిల్ లాగండి. డబ్బాని నాలుగు వైపులా తిప్పి చూడండి. తర్వాత మూత తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి లాగండి, ఎందుకంటే అంచు ఒక్కోసారి ఒక్కోలా తగులుతుంది. పదిసార్లలో ఒక్కసారి తెరుచుకున్నా ఆ డబ్బా పనికిరాదు. మీరు బోర్డుకి చేయించిన డబ్బాని మాత్రం దీనికి వాడొద్దు. దానిలో స్క్రూలు ఎనిమిది, రోజూ ఎవరూ బిగించరు.