గోడ ముందు మనిషిని తీసేస్తే గోడ చెడిపోతోందా?

"సార్, మాది రామచంద్రపురం. డిగ్రీ అయ్యాక పెళ్లిళ్ల స్టూడియోలో ఎడిటింగ్ చేస్తున్నాను. ఒక కంపెనీ టెస్టులో గుడి గోడ ముందు నిలబడ్డ టూరిస్టును ఫొటోలోంచి తీసేయమన్నారు. తీసేశాను. గోడ సహజంగా లేదని పక్కన పెట్టేశారు. ఈ లైన్‌లో నేను పనికొస్తానా?"

పనికొస్తారండీ. కాకపోతే ఆ టెస్టు మనిషిని తీయడానికి పెట్టింది కాదు, గోడ కట్టడానికి పెట్టింది. పెళ్లి ఫొటోల్లో చర్మం నునుపు చేసే అలవాటు మీ చేతికి ఉండి ఉంటుంది. రాతి మీద అదే చేస్తే మరక పడినట్టు ఉంటుంది.

ద్రాక్షారామం మీకు దగ్గరే. ఫొటోలకు అభ్యంతరం లేని చోట బయటి గోడను ఫొటో తీసుకొచ్చి సాధన చేయండి. ఎర్ర చొక్కా మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డాడనుకుందాం. ముందు ఫొటోషాప్‌లో ఖాళీ లేయర్ తెరిచి, క్లోన్ స్టాంప్‌లో Sample దగ్గర Current & Below పెట్టుకోండి. అసలు ఫొటో చెక్కుచెదరదు. మొదట రాళ్ల అతుకులు. అతని భుజానికి ఎడమన కనిపించే అడ్డగీత కుడివైపు ఎక్కడ తేలుతోందో చూసి, గీత మీదే Alt నొక్కి క్లిక్ చేసి నమూనా తీసుకుని, రెండు వైపుల నుంచి లోపలికి రండి. నిలువు అతుకులు పై వరసలో ఎలా పక్కకు జరిగాయో చూసి, కింద కూడా అలాగే పెట్టండి.

తర్వాత రాయి. అదే వరసలోని వేర్వేరు రాళ్ల నుంచి కొంచెం కొంచెంగా తేవాలి. బ్రష్ అంచు మరీ మెత్తగా ఉంటే గరుకుతనం పోతుంది. చాలామంది ఇక్కడే తొందరపడి హీలింగ్ బ్రష్ అందుకుంటారు. అది చుట్టూ ఉన్న రంగును కలుపుకుంటుంది కాబట్టి, చొక్కా అంచు ఇంకా మిగిలి ఉంటే గోడకు ఎరుపు పాకుతుంది. మనిషి పూర్తిగా కనుమరుగయ్యాకే దాని పని. గోడ మీద, నేల మీద పడిన అతని నీడను మాత్రం మర్చిపోవద్దు. మనిషి లేని నీడ ఉంటే పరీక్షకుడు ఇంకేమీ చూడడు.

అయ్యాక 100 శాతం జూమ్‌లో ఒకసారి, బొమ్మ చిన్నది చేసి ఒకసారి, అడ్డంగా తిప్పి ఒకసారి చూడండి. ఒకే పెచ్చు రెండు చోట్ల కనిపిస్తే అక్కడ వేరే రాయి నుంచి తేవాలి.

ద్రాక్షారామంలో ఇంకో చిక్కుంది. గుడి గోడల మీద, స్తంభాల మీద శాసనాలున్నాయి. మనిషి వెనక అక్షరాలుంటే పక్క అక్షరాలను క్లోన్ చేయకండి, అది లేని శాసనం రాసినట్టే. అలాంటి చోట ట్రైపాడ్ మీద మాన్యువల్ ఎక్స్‌పోజర్‌తో, జనం కదిలే కొద్దీ పది పదిహేను ఫొటోలు తీయండి. ఫొటోషాప్‌లో వాటిని ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి Stack Mode లో Median ఇస్తే నడిచిపోయేవాళ్లు మాయమై అసలు గోడే మిగులుతుంది. ఏ చోటైనా సగానికి మించిన ఫొటోల్లో ఖాళీగా ఉండాలి, కదలకుండా నిలబడ్డవాడు పోడు. రెండో ఫొటో దొరక్కపోతే అక్షరాలు తిరిగి రావని క్లయింటుకు చెప్పేయండి.

పర్యాటక బ్రోచర్లకు ఈ పని నడుస్తుంది, వార్తా ఫొటోలకు నడవదు. ఈసారి దరఖాస్తుతో రెండు మూడు గోడలకు మనిషిని తీయకముందు ఫొటో, తీశాక ఫొటో, లేయర్లున్న PSD పంపండి. అతుకులు మీరు ఏ వరసలో కట్టారో వాళ్లు లేయర్లు తెరిచి చూసుకుంటారు.