‘టాప్ 100లో 38 మావే, ఇంకా 7 సీట్లే’ అన్న ప్రకటనలో తప్పెక్కడుంది?

ప్రశ్న: మా తమ్ముడిని నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్చడానికి నాన్న విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్‌కి 25,000 రూపాయలు అడ్వాన్స్ కట్టారు. పాంప్లెట్‌లో ‘రాష్ట్రంలో టాప్ 100లో 38 మావే’, ‘ఇంకా 7 సీట్లే, ఈ ఆదివారమే ఆఖరు’ అని ఉంది. ఆదివారం దాటి మూడు వారాలైనా అదే పాంప్లెట్ పంచుతున్నారు. నేను జర్నలిజం పీజీ చదువుతున్నాను. ఈ ప్రకటన మీదే సోషల్ ప్రూఫ్, అంటే పది మంది చేరారని చూపించి నమ్మించడం, స్కేర్సిటీ, అంటే కొన్నే మిగిలాయని తొందరపెట్టడం, ఈ రెండు కోణాల్లో విశ్లేషణ రాస్తున్నాను. చట్టం ప్రకారం ఇది తప్పేనా? దాన్ని ఎలా విమర్శించాలి? ‘మోసం’ అని రాస్తే నాకు ఇబ్బందా? ఫోటో జత చేశాను. — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పది మంది మా దగ్గర చేరారని చెప్పుకోవడం తప్పు కాదు. సీట్లు కొద్దిగానే మిగిలాయని చెప్పడమూ తప్పు కాదు. హాస్టల్లో నిజంగా 60 మంచాలే ఉండి 53 నిండిపోతే, ఆ సంగతి ముందే చెప్పడం తల్లిదండ్రులకు మేలే. చట్టం చూసేది రెండే విషయాలు: చెప్పిన మాట నిజమా? నిజమే అయినా, దాని పక్కన చెప్పాల్సింది ఏదైనా దాచారా? మీ విశ్లేషణను కూడా ఈ రెండిటి మీదే నిలబెట్టండి. చాలామంది విద్యార్థులు ‘ఇక్కడ సోషల్ ప్రూఫ్ వాడారు, అక్కడ స్కేర్సిటీ వాడారు’ అని పేర్లు పెట్టి ఆపేస్తారు. పేరు పెట్టినంత మాత్రాన విమర్శ అయిపోదు.

ముందు 38 దగ్గరకు వద్దాం. ఆ అంకె చూడగానే మీ నాన్నగారి మనసులో కలిగిన అర్థం ఏమిటో ఊహించండి: ‘ఇక్కడ ఏడాదంతా చదివిన పిల్లల్లో 38 మందికి ఆ ర్యాంకులొచ్చాయి, మావాడూ చేరితే అవకాశం బాగుంటుంది.’ ఈ అర్థం నిజం కావాలంటే రెండు సంగతులు తెలియాలి. ఆ 38 మంది ఏ కోర్సు చదివారు? ఆ సెంటర్ నుంచి మొత్తం ఎంతమంది పరీక్ష రాశారు? 300 మంది రాస్తే 38 అంటే గొప్పే. అన్ని బ్రాంచీలూ కలిపి 20,000 మంది రాస్తే, ఆ 38 మీ తమ్ముడి అవకాశం గురించి చెప్పేది దాదాపు ఏమీ లేదు. పాంప్లెట్‌లో పై అంకె ఉంది, కింది అంకె లేదు. సోషల్ ప్రూఫ్‌ను విమర్శించేటప్పుడు మొదట వెతకాల్సింది ఆ కింది అంకెనే.

మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. 38 పక్కన చిన్న చుక్కగుర్తు ఉంది. పాంప్లెట్ అడుగున, ప్రింటింగ్ ప్రెస్ పేరు పైన, దాని వివరణ ఇంగ్లీషులో ఉంది: టెస్ట్ సిరీస్, క్రాష్ కోర్సు విద్యార్థులను కూడా కలుపుకున్నారట. అంటే వేరే చోట ఏడాదంతా చదివి, ఆఖరి నెలలో ఇక్కడ మాక్ టెస్టులు మాత్రమే రాసిన పిల్లలు కూడా ఈ 38లో ఉండొచ్చు. లాంగ్ టర్మ్ ఫీజు అడుగుతూ టెస్ట్ సిరీస్ ఫలితం చూపించారన్నమాట. ఈ ఒక్క వాక్యం చుట్టూ మీ విశ్లేషణ సగం నడపవచ్చు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 2022 సివిల్ సర్వీసెస్ పరీక్షలో యూపీఎస్సీ సిఫారసు చేసింది 933 మందిని. వారిలో 682 మంది తమవాళ్లేనని ఢిల్లీలో ఒక కోచింగ్ సంస్థ ప్రకటించుకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) విచారిస్తే, ఆ 682లో 674 మంది ఉచిత మాక్ ఇంటర్వ్యూకు మాత్రమే వచ్చినవాళ్లని తేలింది. ప్రిలిమ్స్, మెయిన్స్ వాళ్లు అప్పటికే గట్టెక్కేశారు. 682 మందీ ఆ గడప తొక్కిన మాట అబద్ధం కాదు. కానీ ఏ కోర్సుకు వచ్చారో దాచడం వల్ల చూసేవాళ్ల మనసులో కలిగిన అర్థం అబద్ధం. ఆ సంస్థకు 5 లక్షల జరిమానా పడింది.

ఇలాంటి అంకెల్ని మీరు స్వయంగా సరిచూడటానికి ఒక సులువైన దారి ఉంది. ఫలితాలొచ్చిన మర్నాటి పేపర్లు తీసుకుని, ‘టాప్ 100లో మావి ఇన్ని’ అన్న అంకెలన్నీ కూడండి. 100 దాటితే ఒకే పిల్లవాడిని ఇద్దరు ముగ్గురు లెక్కేసుకున్నారని అర్థం. ఆ తర్వాత ఫోటోలు పోల్చండి. ఒకే ముఖం రెండు ప్రకటనల్లో కనిపిస్తే ఆ రెండూ పక్కపక్కనే మీ వ్యాసంలో పెట్టండి. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే రాష్ట్ర మెరిట్ జాబితాతో పేర్లూ ర్యాంకులూ సరిచూడండి. అయితే కూడిక 100 దాటిందని ఏ సంస్థ తప్పు చెప్పిందో తేలదు. ఎవరో ఎక్కువ లెక్కేశారని మాత్రమే తేలుతుంది. అంతవరకే రాయండి.

ఇక 7 సీట్లు. ఇక్కడ విమర్శకు మీకు కావలసిన ఆధారం కాగితంలోనే ఉంది. పాంప్లెట్ ప్రెస్సులో అచ్చై, కట్టలు కట్టి, పేపర్లో పెట్టి పంచేసరికి కొన్ని రోజులు పడుతుంది. ఇవాళ మిగిలిన సీట్ల లెక్క కొన్ని రోజుల కిందట అచ్చైన కాగితానికి ఎలా తెలుస్తుంది? అచ్చులో ఉన్న సీట్ల లెక్క పక్కన తేదీ ఉండాలి, ఏ బ్యాచ్‌లోనో ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. పైగా మూడు వారాల తర్వాత కూడా అదే 7, అదే ‘ఈ ఆదివారం’. ఒకవేళ వాళ్లు ‘ఇది కొత్త బ్యాచ్, దానిలో 7 సీట్లు’ అని జవాబు చెప్పొచ్చు. కాబట్టి మీరు ఒక పని చేయండి. తేదీ వేసి, ‘ఏ బ్యాచ్? మొత్తం సీట్లెన్ని? ఇవాళ్టికి ఎన్ని నిండాయి?’ అని వాళ్లకు వాట్సాప్‌లో అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా దాన్ని వ్యాసంలో రాయండి. అవతలివాళ్ల వాదనకు చోటిచ్చిన విమర్శే గట్టిగా నిలబడుతుంది.

ఈ రెండు మాటలూ ఒకే కాగితం మీద ఉండటం యాదృచ్ఛికం అనుకోను. 1975లో స్టీఫెన్ వోర్చెల్, ఆయన సహచరులు అమెరికాలో బిస్కెట్లతో ఒక ప్రయోగం చేశారు. జాడీలో 10 ఉన్నప్పటికంటే 2 ఉన్నప్పుడు జనం వాటిని ఎక్కువ కోరుకున్నారు. 10 ఉన్న జాడీని తీసి 2 ఉన్నది పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ కోరుకున్నారు. ‘మిగతావాళ్లు తీసుకోవడం వల్ల తగ్గాయి’ అని చెప్పినప్పుడు అన్నిటికంటే ఎక్కువ. కానీ రుచి బాగుందని మాత్రం ఎవరూ ఎక్కువ మార్కులు వేయలేదు. మీ పాంప్లెట్ వరస కూడా అదే: పది మంది వచ్చారు, అందుకే సీట్లు అయిపోతున్నాయి, ఆదివారం లోపు తేల్చుకోండి. మీ నాన్నగారికి అధ్యాపకులెవరో, ఫీజు వాపసు నియమం ఏమిటో అడిగే వ్యవధి లేకుండా చేసింది ఆ ఆదివారమే. ప్రకటన ఏం చెప్పిందన్నదే కాకుండా, ఏ ప్రశ్న అడగనివ్వకుండా చేసిందన్నది కూడా మీ విశ్లేషణలో రావాలి.

ఇప్పుడు చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(28) ప్రకారం, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటన కూడా తప్పుదారి పట్టించే ప్రకటనే. 2024 నవంబరులో సీసీపీఏ కోచింగ్ రంగానికి ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. 50 మందికి పైగా విద్యార్థులున్న సెంటర్లకు అవి వర్తిస్తాయి. ర్యాంకర్ ఫోటో వేస్తే పేరు, ర్యాంకుతో పాటు ఏ కోర్సు చదివారో, దానికి ఫీజు కట్టారో లేదో కూడా చెప్పాలి. ర్యాంకు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. సీట్లు కొన్నే ఉన్నాయంటూ, గిరాకీ ఎక్కువంటూ లేని తొందర పుట్టించకూడదు. ఇక చిన్న అక్షరాల సంగతి 2022 ప్రకటనల మార్గదర్శకాల్లో ఉంది: ప్రకటన ఏ భాషలో ఉంటే వివరణా అదే భాషలో ఉండాలి. మీ పాంప్లెట్‌లో గొప్ప తెలుగులో, షరతు ఇంగ్లీషులో ఉన్నాయి. నా దృష్టిలో అన్నిటికంటే తేలిగ్గా నిరూపించగలిగిన తప్పు ఇదే. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు, కాగితమే చాలు.

వాళ్ల వెబ్‌సైట్‌లో కౌంట్‌డౌన్ టైమర్ ఉంటే దానికి 2023 డార్క్ ప్యాటర్న్స్, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుగడల మీద వచ్చిన మార్గదర్శకాలు వర్తిస్తాయి. లేని తొందర, లేని కొరత, లేని ఆదరణ చూపించడం అందులో నిషిద్ధమైన 13 పద్ధతుల్లో ఒకటి. పేజీని వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలైతే ఆ గడువు ఉత్తదే. అడ్రసు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ తీసి ఉంచుకోండి.

‘మోసం’ అన్న మాట రాయకండి. ఆ మాటలో దురుద్దేశం ఉందన్న ఆరోపణ ఉంటుంది. దాన్ని మీరు నిరూపించలేకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువు నష్టం కేసు వేస్తామని బెదిరించే వీలు వాళ్లకు దొరుకుతుంది. ‘మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో ప్రకటన చెప్పలేదు’, ‘ఫలానా తేదీన, మళ్లీ ఫలానా తేదీన పంచిన కాగితాల్లో 7 సీట్లనే ఉంది’ అని రాయండి. రెండు పాంప్లెట్లూ దగ్గర పెట్టుకుని, అందిన తేదీ వాటి వెనక రాసుకోండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే టెన్షన్ అక్కర్లేదు.

ఇక నాన్నగారి 25,000. సీసీపీఏ సంస్థకు 10 లక్షల వరకు జరిమానా వేయగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. కానీ మీ డబ్బు విడిగా మీకు ఇప్పించడం దాని పని కాదు. ముందు రసీదు జతచేసి, వాపసు కోరుతూ సెంటర్‌కి స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. 15 రోజుల్లో స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే నాన్నగారి పేరుతో గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేయండి. సెంటర్ విజయవాడలో ఉన్నా, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ‘మాది విద్యాసంస్థ, ఈ చట్టం మాకు వర్తించదు’ అని వాళ్లు వాదించే అవకాశం ఉంది. 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ కాలేజీలను అప్పటి పాత వినియోగదారుల చట్టం బయట ఉంచుతూనే, కోచింగ్ సెంటర్లు దాని పరిధిలోకి వస్తాయని చెప్పింది. అందుకే రసీదు మీద ఏ పేరుందో ఒకసారి చూడండి. కోచింగ్ సెంటర్ పేరుంటే మీ దారి సులువు. అనుబంధ జూనియర్ కాలేజీ పేరుతో రసీదు ఇచ్చి ఉంటే, ఫిర్యాదు వేసే ముందు దాని కాపీ నాకు పంపండి.