‘మీ ఋణం’ ఇంగ్లీషులో ఎవరి అప్పు?

సందేహం: పీహెచ్‌డీ పూర్తయిన సందర్భంగా నా పర్యవేక్షకులకు ఇలా రాశాను: “మూడో అధ్యాయాన్ని నాలుగుసార్లు ఓపికగా దిద్దిపెట్టారు. మీ ఋణం తీర్చుకోలేనిది. పాదాభివందనాలతో కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.” తెలుగు రాని సహపర్యవేక్షకులకు ఇదే లేఖను ఇంగ్లీషులో పంపాలి. “ఐ కెన్ నెవర్ రీపే యువర్ డెట్” అనవచ్చునా? నా అనువాదంలో తక్కిన వాక్యాలు ఎందుకు చప్పబడిపోయాయి?

సమాధానం: అనకూడదు. తెలుగులో ‘మీ ఋణం’ అన్నప్పుడు ఆ ‘మీ’ మేలు చేసినవారిని సూచిస్తుంది. పితృఋణం, ఋషిఋణం అన్న సమాసాలలోనూ పితరులకు, ఋషులకు మనం పడిన బాకీ అనే అర్థం. ఇంగ్లీషులో ‘యువర్ డెట్’ అంటే మామూలుగా ఎదుటివారు చేసిన అప్పు కనుక, ఆచార్యులవారు ఎవరికో బాకీ ఉన్నారనీ, దానిని తీర్చడం మీ వల్ల కాదనీ మీ వాక్యం చెబుతోంది. ‘ఐ షల్ ఆల్వేస్ బీ ఇన్ యువర్ డెట్’ అనండి. ముందు ‘ఇన్’ చేరిన ఈ నుడికారంలో మాత్రం ‘యువర్’ ఋణదాతనే సూచిస్తుంది.

ఇక చప్పదనానికి కారణం మీ పదాలలో లేదు, క్రియల చివర ఉంది. ‘దిద్దారు’ అంటే పని జరిగిందన్న సమాచారం. ‘దిద్దిపెట్టారు’ అంటే నా కోసం శ్రమ తీసుకొని దిద్దారని. వండిపెట్టడం, రాసిపెట్టడం అన్న మాటలలోని ఆప్యాయత అంతా ఆ ‘పెట్టు’లోనే ఉంది. ‘యూ కరెక్టెడ్’ అనగానే అది జారిపోతుంది. ఇంగ్లీషులో ఇటువంటి సహాయక్రియ లేదు కాబట్టి ‘యూ వర్ కైండ్ ఎనఫ్ టు’ అని ఆ భావాన్ని విడిగా పలికించాలి. అలాగే ‘తెలుపుతున్నాను’కు ‘కొను’ చేరి ‘తెలుపుకుంటున్నాను’ అయినప్పుడు, విన్నవించుకోవడంలో వలె, చెప్పేవారి వినయం ధ్వనిస్తుంది. ‘ప్లీజ్ యాక్సెప్ట్’ అన్న మాట స్వీకరించే గౌరవాన్ని ఎదుటివారికే ఇస్తుంది కనుక దానికి దగ్గరగా నిలుస్తుంది.

పాదాభివందనాన్ని అక్షరాలా అనువదిస్తే, ఆ ఆచారం తెలియని పాఠకులకు అది ఇబ్బందిగా తోచవచ్చు. అందులోని భక్తిని మాత్రమే తీసుకోండి. ఆ లోటు పూడ్చడానికి ‘నోబుల్’, ‘గ్రేట్’ వంటి విశేషణాలు పేర్చవద్దు. మీ లేఖలో నాకు అన్నిటికంటె నచ్చినది ‘నాలుగుసార్లు’ అన్న మాట. ఆయన చేసిన పనిని మీరు లెక్కపెట్టుకొని గుర్తుంచుకున్నారని అదే చెబుతుంది. ఇంగ్లీషులోనూ దానిని వదలవద్దు.

నేనైతే ఇలా రాస్తాను: “యూ వర్ కైండ్ ఎనఫ్ టు గో త్రూ మై థర్డ్ చాప్టర్ ఫోర్ టైమ్స్, విత్ గ్రేట్ పేషెన్స్. ఐ షల్ ఆల్వేస్ బీ ఇన్ యువర్ డెట్. ప్లీజ్ యాక్సెప్ట్ మై హార్ట్‌ఫెల్ట్ థ్యాంక్స్ అండ్ మై డీపెస్ట్ రెస్పెక్ట్.”

అయితే సహపర్యవేక్షకులు మీ మూడో అధ్యాయాన్ని దిద్ది ఉండకపోతే, మొదటి వాక్యంలో వారు నిజంగా చేసిపెట్టిన పనిని పేర్కొనండి.