‘ఎవరబ్బ సొమ్ము’ను ఇంగ్లీషులోకి ఎలా తేవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ డాన్స్ స్కూల్లో రామదాసు ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనకు అభినయం చేస్తోంది. తెలుగు రానివాళ్ళ కోసం ఇంగ్లీషు పాఠం రాసిచ్చాను. ‘ఎవరబ్బ సొమ్మని’ అన్నచోట ‘హూజ్ ఫాదర్స్ మనీ’ అని పెడితే, భక్తుడు దేవుడి ఆస్తి వివరాలు ఎందుకడుగుతున్నాడని టీచర్ అన్నారు. ‘అబ్బ తిట్టితినని’ చరణమైతే ఎటూ కుదరలేదు. మాటకు మాట సరిగ్గానే పెట్టాను కదండీ, ఎక్కడ చెడింది?
– ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: చెడింది ‘అబ్బ’ దగ్గరేనమ్మా. ఆ మాట ఈ కీర్తనలో మూడుసార్లు మూడు రకాలుగా పలుకుతుంది. నిఘంటువులో దొరికే తండ్రి వాటిలో ఒకడు మాత్రమే.

మొదటిది జాతీయం. ‘ఎవడబ్బ సొమ్మనుకున్నావురా’ అని కసురుకునేటప్పుడు అనేవాడికీ, పడేవాడికీ కూడా ఏ తండ్రీ గుర్తుకు రాడు. ‘రోడ్డు నీ బాబుదా’ అన్నా అంతే. అడిగేవాళ్ళు లేరనుకున్నావా అనే కోపం తప్ప అందులో ప్రశ్న లేదు, జవాబు చెప్పాల్సిన పనీ లేదు. ఇంగ్లీషులో మాటకు మాట పెట్టేసరికి కోపం జారిపోయి ప్రశ్న మిగిలింది. మీ టీచర్ గారు ఆ ప్రశ్నకే జవాబు వెతికారు. ఆవిడ తప్పేం లేదు.

ఇక్కడ రామదాసు చేసిన అసలు చమత్కారం ఆ తర్వాతి చరణంలో ఉంది. ప్రాకారం కట్టించాను, భరతుడికి పచ్చల పతకం చేయించాను, ఇన్నేసి వేల వరహాలు పట్టాయి అని లెక్క అప్పజెబుతూ వచ్చి, రాముడికి కలికితురాయి దగ్గర ఆగి ‘కులుకుచు తిరిగెద వెవరబ్బ సొమ్మని’ అంటాడు. అక్కడిదాకా అది ఉత్త తిట్టే. వెంటనే ‘నీ తండ్రి దశరథ మహారాజు పెట్టెనా, లేక నీ మామ జనక మహారాజు పంపెనా’ అని అందుకుంటాడు. జాతీయంలో నిద్రపోతున్న తండ్రిని తట్టి లేపి, పేరు పెట్టి పిలిచాడన్నమాట! వినేవాడికి నవ్వు వచ్చేది ఇక్కడే. మీ అనువాదంలో తండ్రి ముందు చరణంలోనే మేలుకుని కూర్చున్నాడు కాబట్టి, దశరథుడి పేరు రాగానే అది మామూలు వివరణ అయిపోయింది. గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరలో పడ్డవాడు. ఆ సొమ్ము ఆయన అబ్బదీ కాదు. అందుకే ఈ తిట్టులో అంత బాధ కూడా ఉంది.

ఇక మీకు కుదరని చరణం. గాయకులు పాడే పాఠాల్లో చిన్నచిన్న తేడాలున్నాయి గానీ, ఎక్కువగా వినిపించేది ఇది:

అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు రామచంద్రా
ఈ దెబ్బల కోర్వక అబ్బ తిట్టితినయ్య రామచంద్రా

పాటలో కామాలు, ఆశ్చర్యార్థకాలు ఉండవు. మీ అబ్బను తిట్టాను అనుకోవచ్చు, ‘అబ్బా!’ అని మూలిగి తిట్టాను అనుకోవచ్చు. రెండూ ఒక్కసారే వినిపిస్తాయి. తిట్టిన మాటే దెబ్బ తగిలినప్పుడు నోట వచ్చే మాట కూడా కావడంతో, నేరమూ సంజాయిషీ ఒకే రెండక్షరాల్లో ఇమిడిపోయాయి. పైగా ‘అబ్బ’కు ‘దెబ్బ’ ప్రాస. దెబ్బ పడింది, అబ్బ వచ్చింది అని చెవే చెప్పేస్తుంది. శ్లేష, ప్రాస ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ‘ఫాదర్’ అని పెడితే రెండూ పోతాయి, ఎందుకంటే దెబ్బ తగిలితే ఇంగ్లీషువాడు ‘ఫాదర్’ అని అరవడు.

మీరు దీన్ని తమిళంలోకో కన్నడంలోకో తెచ్చి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. ‘అప్పన్ వీట్టు సొత్తా’ అని తమిళులు, ‘యారప్పన దుడ్డు’ అని కన్నడిగులు మనలాగే కసురుకుంటారు. నొప్పి పుడితే వాళ్ళ నోటా ‘అప్పా’ అని రావచ్చు. హిందీలో ‘బాప్ కా మాల్’ ఉంది, ‘బాప్ రే’ ఉంది. కాకపోతే ‘బాప్ రే’లో నొప్పి కంటే బెదురు ఎక్కువ, ‘బాప్ కా మాల్’ మరీ వీధి మాట. అక్కడ మాట దొరుకుతుంది, మోతాదు చూసుకోవాలి. ఇంగ్లీషులో మాటే దొరకదు కాబట్టి మాటను వదిలేసి అది చేసే పనిని పట్టుకోవాలి.

మొదటి చోటికి కావాల్సింది తండ్రి పేరుతో ఉన్న ఎత్తిపొడుపు. తండ్రి సంపాదన మీద కులికేవాణ్ణి వాళ్ళు ‘డాడీస్ మనీ’ అని దెప్పుతారు. ‘ఫాదర్’ అంటే వంశవృక్షం గుర్తొస్తుంది, ‘డాడీ’ అంటే గారాబం గుర్తొస్తుంది. కాబట్టి ‘యూ స్ట్రట్ అబౌట్ ఆన్ డాడీస్ మనీ, రామచంద్రా’ అని వదిలి, తర్వాతి చరణంలో ‘డిడ్ కింగ్ దశరథ పే ఫర్ ఇట్? డిడ్ కింగ్ జనక?’ అని పేర్లు తీయండి. ఇక్కడా తండ్రి ముందు జాతీయంలో పడుకుని, తర్వాత లేస్తాడు. దశరథుడి పేరు ముందుకు తెచ్చారో, మళ్ళీ మొదటికొస్తుంది.

రెండో చోటికి కావాల్సిన మాట వేరు. నొప్పి పుడితే నోటికి రావాలి, అన్నందుకు తప్పు పట్టేలా ఉండాలి, దెబ్బకు ప్రాస కుదరాలి. నొప్పికి ఇంగ్లీషువాళ్ళు అనేది ‘ఓ గాడ్’. దేవుడి పేరును అలా ఊరికే వాడకూడదని వాళ్ళ పది ఆజ్ఞల్లోనే ఉంది కాబట్టి తప్పూ కుదిరింది. కొట్టే బెత్తానికి ‘రాడ్’ అనే మాట ఉండనే ఉంది. అప్పుడు ఇలా వస్తుంది:

డోంట్ బీ హర్ట్ దట్ ఐ క్రైడ్ ‘ఓ గాడ్’, రామచంద్రా
ఇట్ వజ్ నాట్ మీ, ఇట్ వజ్ ద రాడ్, రామచంద్రా

అబ్బకూ దెబ్బకూ ఉన్న జోడీ గాడ్‌కూ రాడ్‌కూ వచ్చింది. ఆ అరుపు వింటున్నవాడు సాక్షాత్తూ దేవుడే కావడంతో, అరుపా పిలుపా అన్న సందేహం కూడా నిలిచింది. తెలుగులో లేని ఈ చిన్న లాభాన్ని నేను కాదనను.

నష్టమూ ఉంది. మన పాటలో సొమ్ము దగ్గర అన్న ‘అబ్బ’నే చివర్లో వెనక్కి తీసుకుంటున్నాడు, అంటే సంజాయిషీ ఆ తిట్టుకే. ఇంగ్లీషులో ‘డాడీ’ ఒకచోట, ‘గాడ్’ ఒకచోట ఉండిపోయాయి. రెండింటినీ కలిపే మాట నాకు దొరకలేదు. దాన్ని ఫుట్‌నోటుతో పూడ్చాలని చూడకండి. నృత్యం నడుస్తుండగా కిందికి ఎవరూ చూడరు. అమ్మాయి అభినయానికే ఆ పని అప్పజెప్పండి: కులుకు దగ్గర రాముడి వైపు ఏ వేలు చూపించి నిలదీసిందో, ‘ఓ గాడ్’ దగ్గర ఆ వేలినే మడిచి చెయ్యి వెనక్కి తీసుకుంటే, రెండు చోట్లా మాట్లాడుతున్నది ఒకే తిట్టు గురించని చూసేవాళ్ళకు తెలుస్తుంది.

కుదిరిందో లేదో తెలియాలంటే తెలుగు రాని ఒకరికి ముందుగా ఏమీ చెప్పకుండా పాఠం చదివి వినిపించండి. దశరథుడి పేరు దగ్గర ముఖం మారాలి. అక్కడ మారకుండా ‘వాళ్ళెవరు?’ అని అడిగితే ముందు చరణంలో ఎత్తిపొడుపు చాలలేదని అర్థం.

అన్నిటినీ ఇలా తిరగరాయక్కర్లేదు. సీతమ్మ చింతాకు పతకం చింతాకు పతకంగానే ఉండనివ్వండి. అది జాతీయమూ కాదు, శ్లేషా కాదు, చింతాకు ఆకారంలో చేయించిన నగ. పదివేల వరహాలను డాలర్లలోకి మార్చకండి.